ఒకే మనిషి, ఒకే కాగితం: ఉమ్మడి పద్ధతి దోషంతో నా సర్వే డైరీ

ఈ డైరీ ఒక ప్రశ్నావళి సర్వేకు సంబంధించినది. హైదరాబాదులో తొమ్మిది శాఖలున్న ఒక కిరాణా దుకాణాల సంస్థలో పనిచేసే సిబ్బందితో నా పీహెచ్‌డీ కోసం దీన్ని చేశాను. సూపర్‌వైజర్ తన కింది ఉద్యోగికి ఎంత సహకరిస్తే ఆ ఉద్యోగి తోటివారికి అంత సాయపడతాడా, మధ్యలో ఉద్యోగ సంతృప్తి పాత్ర ఏమిటి అన్నది ప్రశ్న. మొదటి విడత దాదాపు పూర్తిగా వృథా అయింది. అది ఎందుకు వృథా అయిందో, రెండో విడతలో ఏం మార్చానో, ఆ మార్పులు కొత్తగా ఏ ఇబ్బందులు తెచ్చాయో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి సర్వే మొదలుపెట్టబోయేవారు ప్రశ్నావళి ముద్రించే ముందే దీన్ని చదవాలని నా కోరిక, ఎందుకంటే ముద్రించిన తర్వాత సరిచేయగలిగింది చాలా తక్కువ.

దశ 1: 184 కాగితాలు, ఒకే చేతిరాత

మొదటి విడతలో ఒక్కో ఉద్యోగికి ఒక్కో ప్రశ్నావళి ఇచ్చాను. అందులో సూపర్‌వైజర్ సహకారం మీద 6 ప్రశ్నలు, ఉద్యోగ సంతృప్తి మీద 5, తోటివారికి చేసే సాయం మీద 6, చివర్లో నీలి రంగు పట్ల ఇష్టం మీద 3 ఉన్నాయి. మొత్తం 20 ప్రశ్నలకూ ‘అస్సలు ఒప్పుకోను’ నుంచి ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ వరకు అవే ఐదు గడులు. నీలి రంగు ప్రశ్నల సంగతి తర్వాత చెబుతాను.

ఫలితాలు చూడగానే సంతోషించవలసినట్టే ఉన్నాయి. సహకారానికీ సాయానికీ మధ్య సహసంబంధం 0.54, సహకారానికీ సంతృప్తికీ మధ్య 0.61. అయితే ఈ అంకెలను నమ్మకుండా చేసిన దృశ్యం ఒకటి నేను కాగితాలు పంచుతున్న రోజే చూశాను. కూకట్‌పల్లి శాఖలో ఒక క్యాషియర్ అమ్మాయి రెండో పేజీలో సాయం గురించిన ప్రశ్న దగ్గర ఆగింది. మొదటి పేజీ వెనక్కి తిప్పి, సూపర్‌వైజర్ గురించి తాను ఏ గడిలో టిక్కు పెట్టిందో వేలితో వెతికి, ఇక్కడా అదే గడిలో టిక్కు పెట్టింది. ఎందుకలా చూశావని అడిగితే, “అక్కడ గట్ల రాసిన కద మేడమ్, ఇక్కడ వేరే రాస్తె తప్పయితది కద” అంది.

ఆ అమ్మాయి అబద్ధం రాయలేదు. తన జవాబులు ఒకదానితో ఒకటి పొసగాలని చూసుకుంది, అంతే. కానీ నా లెక్కలో ఆ పొసగడం సహకారానికీ సాయానికీ మధ్య సంబంధంగా నమోదైంది. ఒకే మనిషి, ఒకే కూర్చోవడంలో, ఒకే రకం గడుల్లో కారణాన్నీ ఫలితాన్నీ రెండింటినీ తానే నింపినప్పుడు, ఆ మనిషి ఆ రోజు మనఃస్థితి, మంచివాడుగా కనిపించాలన్న కోరిక, టిక్కు పెట్టే అలవాటు రెండు కొలతల్లోనూ చేరతాయి. కొలిచిన విషయాల నుంచి కాక కొలిచిన తీరు నుంచి వచ్చే ఈ ఉమ్మడి భాగం అసలు సంబంధాన్ని వక్రీకరించడాన్నే కామన్ మెథడ్ బయాస్ అంటారు. ఇక్కడ దాన్ని ఉమ్మడి పద్ధతి దోషం అంటున్నాను.

అది ఎంత ఉండవచ్చో ఊహకు అందడానికి ఒక చిన్న లెక్క చూడండి. ఏ సంబంధమూ లేని రెండు విషయాలను కొలిచామనుకుందాం. ఒక్కో కొలతలోని తేడాల్లో ఐదో వంతు పద్ధతి నుంచే వచ్చిందనుకుంటే, ఆ ఒక్క కారణంతోనే ఆ రెండింటి మధ్య 0.20 సహసంబంధం కనిపిస్తుంది. 184 మంది ఉన్న సర్వేలో 0.20ని గణాంక పరీక్ష నిజమైన సంబంధంగానే తేలుస్తుంది.

ఇప్పటికి: నింపిన కాగితాలు 184, క్షేత్రంలో గడిపిన రోజులు 11, ఖర్చు ₹2,900.

దశ 2: సేకరణ తర్వాత వాడే మందులు

మా విభాగంలో అందరూ చేసేదే ముందుగా నేనూ చేశాను. హార్మన్ ఏక కారక పరీక్షలో ప్రశ్నలన్నింటినీ కలిపి కారక విశ్లేషణ చేస్తారు. మొదటి కారకం మొత్తం తేడాల్లో 50 శాతం కంటే తక్కువ వివరిస్తే దోషం లేదని రాసుకుంటారు. నాకు 34 శాతం వచ్చింది. తర్వాత అదే సమాచారం నుంచి సంతృప్తి, నీలి రంగు ప్రశ్నలు తీసేసి మిగిలిన 12 ప్రశ్నలతో మళ్లీ నడిపితే 42 శాతం అయింది. మనుషులు వారే, టిక్కులు అవే, దోషం ఏమాత్రం మారలేదు. ప్రశ్నల సంఖ్య, రకం మారినందుకే అంకె మారింది. అంటే ప్రశ్నావళిలో వేర్వేరు విషయాలు చేర్చుకుంటూ పోతే ఎవరైనా ఈ పరీక్ష గట్టెక్కవచ్చు. పోడ్సకాఫ్, ఆయన సహరచయితలు 2003లో రాసిన ప్రసిద్ధ సమీక్షలోనే ఈ పరీక్ష దోషాన్ని సరిదిద్దదనీ, పట్టుకోవడంలోనూ బలహీనమనీ స్పష్టంగా ఉంది. అయినా నేటికీ థీసిస్‌లలో ఇది ఒక్కటే కనిపిస్తుండటం నాకు బాధ కలిగిస్తుంది.

రెండో మందు మార్కర్ చరరాశి. సిద్ధాంతరీత్యా మన విషయాలతో ఏ సంబంధమూ లేని ఒక విషయాన్ని అవే ఐదు గడుల్లో అడుగుతాం. దానికీ మన చరరాశులకూ మధ్య కనిపించే సహసంబంధం పద్ధతి నుంచే వచ్చిందనుకుని దాన్ని తీసివేస్తాం. లిండెల్, విట్నీ 2001లో ప్రతిపాదించిన సూత్రం ఇది, ఇందులో r మనకు వచ్చిన సహసంబంధం, r_m మార్కర్ సహసంబంధం:

```
r_adj = (r - r_m) / (1 - r_m)
```

పరిశోధకులు మార్కర్‌గా నీలి రంగు పట్ల వైఖరిని వాడి ఉన్నారు కాబట్టి నేనూ దాన్నే తీసుకున్నాను. మార్కర్ సహసంబంధం 0.21 వచ్చింది. 0.54 లోంచి 0.21 తీసేస్తే 0.33, దాన్ని 0.79తో భాగిస్తే 0.42. సవరించిన తర్వాత కూడా సంబంధం నిలబడిందని ఒక పేరా రాసి మా గైడ్ గారికి పంపాను. ఆయన అడిగింది ఒక్కటే: “అమ్మా, ఆ దుకాణాల్లో యూనిఫాం ఏ రంగు?”

యూనిఫాం నీలం. ఉద్యోగం నచ్చినవారికి ఆ చొక్కా నచ్చుతుంది, విసిగినవారికి ఆ రంగు చూస్తేనే చిరాకు. సంబంధం లేదనుకున్న నా మార్కర్‌కు సంతృప్తితో నేరుగా సంబంధం ఉంది. కాబట్టి ఆ 0.21లో పద్ధతి వాటా ఎంతో, యూనిఫాం వాటా ఎంతో విడదీయడం అసాధ్యం. అందువల్ల 0.42 అన్న అంకెకు అర్థమే లేదు. ఆ పేరా కొట్టేశాను.

ఈ రెండు ప్రయత్నాల తర్వాత మొదటి విడత సమాచారాన్ని ముఖ్య ఫలితంగా వాడకూడదని నిర్ణయించుకున్నాను. పోల్చి చూడటానికి మాత్రమే దాన్ని ఉంచాను.

దశ 3: ఏది ఎవరిని అడగాలి

అన్నీ వేరేవాళ్లను అడిగితే సరిపోతుందని ముందు అనుకున్నాను. ఒక్కో చరరాశినీ విడిగా కూర్చుని ఆలోచిస్తే అది సరికాదని తెలిసింది. సంతృప్తి మనసులోని సంగతి. దాన్ని పక్కవాణ్ని అడిగితే పద్ధతి దోషం తగ్గుతుంది, కానీ వచ్చే జవాబు సంతృప్తిని కాక, అది పైకి ఎలా కనిపిస్తుందో దాన్ని కొలుస్తుంది. సూపర్‌వైజర్ సహకారం కూడా అందుకునేవాడికే తెలుస్తుంది. కాబట్టి ఈ రెండింటినీ ఉద్యోగినే అడగాలి. సాయం మాత్రం పైకి కనిపించే పని, దాన్ని చూసినవారు చెప్పగలరు.

చూసినవారిలో ఎవరు? సూపర్‌వైజర్‌ను అడగడం సులువు, చాలామంది అదే చేస్తారు. నా ప్రశ్నకు మాత్రం అది కొత్త చిక్కు తెస్తుంది. సూపర్‌వైజర్‌కు ఒక ఉద్యోగి అంటే ఇష్టమైతే ఆయన అతనికి ఎక్కువ సహకరిస్తాడు, అతని సాయానికి ఎక్కువ మార్కులూ వేస్తాడు. అప్పుడు ఆ ఇష్టమే రెండు వైపులా ఉమ్మడి కారణం అవుతుంది. జవాబిచ్చే మనిషి మారినా చిక్కు తీరదు. అందుకే అదే షిఫ్టులో, అదే విభాగంలో పనిచేసే తోటి ఉద్యోగిని ఎంచుకున్నాను. ఆ తోటి ఉద్యోగిని ఎవరికివారు ఎంచుకుంటే స్నేహితుణ్నే తెస్తారు కాబట్టి ఇలా చేశాను:

1. షిఫ్టు రోస్టరులోంచి ఒకే విభాగం వారి పేర్లు చీటీలు వేసి తీశాను.
2. ఆ విభాగంలో రెండు నెలలు నిండనివారిని మదింపు చేసేవారిగా తీసుకోలేదు.
3. ఇద్దరు ఒకరినొకరు మదింపు చేసే జంట వస్తే చీటీ మళ్లీ తీశాను.

తర్వాత ప్రశ్నల మాటలు చూసి ఉలిక్కిపడ్డాను. మొదటి విడతలో ఒక ప్రశ్న ‘నా సూపర్‌వైజర్ నాకు అండగా ఉంటారు’. మరొకటి ‘నేను నా తోటివారికి అండగా ఉంటాను’. తెలుగులోకి రాసేటప్పుడు నాకు నచ్చిన మాట రెండుచోట్లా వాడేశాను. ఆ రెండు వాక్యాలూ ఒకే కాగితం మీద కనిపిస్తే చదివేవారి చెవిలో మొదటిది మోగుతూనే రెండోదానికి జవాబు వస్తుంది. పైగా ‘అండ’ అంటే ఒకరికి సెలవు ఇప్పించడం, మరొకరికి కస్టమర్ గొడవలో తమవైపు మాట్లాడటం. అర్థం తేలని ప్రశ్నకు మనిషి తన సాధారణ అభిప్రాయాన్నే జవాబుగా ఇస్తాడు, పద్ధతి దోషం చొరబడేది సరిగ్గా అక్కడే.

అందుకే సాయం ప్రశ్నలను పూర్తిగా పనుల్లోకి మార్చాను. ఉదాహరణకు: ‘బిల్లింగ్ దగ్గర లైను పెరిగినప్పుడు ఎవరూ పిలవకముందే వచ్చి రెండో కౌంటర్ తెరుస్తారు.’ గడులు కూడా ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం కాకుండా ‘గత రెండు వారాల్లో ఒక్కసారీ లేదు’ నుంచి ‘దాదాపు రోజూ’ వరకు పెట్టాను. ఎక్కువసార్లు చేసే గడి కుడివైపు కాకుండా ఎడమవైపు వచ్చేలా కాగితం తిప్పి ముద్రిద్దామని కూడా అనుకున్నాను, కానీ ముగ్గురితో చదివించి చూస్తే ఇద్దరు తికమకపడ్డారు. దోషాన్ని తగ్గించబోయి కొలతనే పాడుచేసుకోవడం ఇష్టంలేక మానేశాను.

మార్కర్‌కు కొత్త రంగు కావలసి వచ్చింది. ఆకుపచ్చ, కాషాయం, గులాబీ, పసుపు రంగులకు మన దగ్గర జెండాల అర్థాలు అంటుకుని ఉన్నాయి. చివరకు గోధుమ రంగు తీసుకున్నాను.

దశ 4: రెండు కాగితాలను కలిపే కోడు విఫలమైంది

సహకారం ఒకసారి, సంతృప్తి కొన్ని వారాల తర్వాత మరోసారి అడగాలంటే, రెండు కాగితాలూ ఒకే మనిషివని తెలియాలి. పేరు రాయించకూడదని, ఎవరికివారే తయారుచేసుకునే కోడు పెట్టాను: అమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన తేదీలో రోజు, మొబైల్ నంబరు చివరి రెండు అంకెలు. 40 మందితో పది రోజుల విరామంతో చిన్న ప్రయోగం చేశాను. రెండోసారి 36 మంది వచ్చారు. కలిసిన కోడ్లు 21 మాత్రమే.

కలవని 15 జతలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రతి జతలోనూ మూడు భాగాల్లో రెండు సరిపోయి ఒక్కటే తేడా ఉంది.

1. ఏడింటిలో పుట్టిన రోజు తేడా. బడి సర్టిఫికెట్లో ఒక తేదీ, ఇంట్లో చెప్పే అసలు తేదీ ఇంకొకటి. ఒకసారి ఒకటి, మరోసారి మరొకటి రాశారు.
2. ఐదింటిలో అమ్మ పేరు తేడా. ఒకసారి ఆధార్‌లోని పేరు, మరోసారి ఇంట్లో పిలిచే పేరు, ఇంకొందరు ఇంటిపేరు మొదటి అక్షరం రాశారు.
3. మూడింటిలో ఫోను నంబరు తేడా. అందరి దగ్గరా రెండు సిమ్‌లు.

కోడుకు ఇంకో భాగం చేర్చి, ఒక తేడా ఉన్నా కలపవచ్చునని నియమం పెట్టుకోవచ్చు. కానీ అంతకంటే పెద్ద అడ్డంకి తోటి ఉద్యోగి మదింపుతో వచ్చింది. ఎవరిని మదింపు చేయాలో చెప్పాలంటే ఆ కాగితం మీద పేరు ఉండక తప్పదు. కాబట్టి పూర్తి అజ్ఞాతం ఈ డిజైన్‌లో అసాధ్యం. నా అంగీకార పత్రంలో ‘మీరెవరో ఎవరికీ తెలియదు’ అన్న వాక్యం అబద్ధం అవుతుంది. దాన్ని తీసేసి, పేర్ల జాబితా ఎవరి దగ్గర ఉంటుందో, ఎప్పుడు చింపేస్తామో స్పష్టంగా రాశాను.

కొత్త పద్ధతిలో ప్రతి కాగితం మీదా ఒక సంఖ్య మాత్రమే ముద్రించి ఉంటుంది. పై అంచున చింపడానికి వీలైన పట్టీ మీద పేరు ఉంటుంది. జవాబిచ్చేవారు పేరు చూసుకుని, పట్టీని తామే చింపి దగ్గర ఉంచుకుని, సంఖ్య ఉన్న కాగితాన్ని కవరులో పెట్టి అంటిస్తారు. పేరుకూ సంఖ్యకూ లంకె చెప్పే జాబితా నా దగ్గర ఉండదు, ఈ సర్వేతో సంబంధం లేని నా సహాధ్యాయిని దగ్గర ఉంటుంది. నింపిన కాగితాలు ఆమె చూడదు. ఇంకొక మార్పు కూడా చేశాను: మొదటి విడతలో తెలివితక్కువగా సూపర్‌వైజర్ గదిలోనే కూర్చోబెట్టి నింపించాను, ఈసారి సిబ్బంది భోజనం చేసే గదిలో నింపించాను.

ఇప్పటికి: ప్రయోగ కాగితాలు 76, మొత్తం రోజులు 16, మొత్తం ఖర్చు ₹4,050.

దశ 5: విరామం ఎంత

విరామం మరీ చిన్నదైతే మొదటి జవాబులు గుర్తుంటాయి. మరీ పెద్దదైతే మనుషులు ఉద్యోగం మానేస్తారు, సూపర్‌వైజర్లు శాఖ మారతారు, కొలిచే విషయమే మారిపోతుంది. మూడు వారాలు అనుకుని క్యాలెండర్ ముందు కూర్చున్నాను. మొదటి కాగితం నెల 10న ఇస్తే రెండోది 31న పడుతుంది. జీతం వచ్చిన కొత్తలో ఒకటి, చేతిలో డబ్బు లేని నెలాఖరున మరొకటి అయితే సంతృప్తి ప్రశ్నల్లో నెలాఖరు ఇబ్బందే ఎక్కువ కొలుస్తాను. అందుకని నాలుగు వారాలు చేశాను, అప్పుడు రెండూ జీతం వచ్చిన తర్వాత దాదాపు అన్నే రోజులకు వస్తాయి. బతుకమ్మ, దసరా రద్దీ మధ్యలో పడకుండా మొత్తం కార్యక్రమాన్ని ఒక నెల ముందుకు జరిపాను.

చివరకు నడిచిన క్రమం ఇది:

1. మొదటి కాగితం: సూపర్‌వైజర్ సహకారం, గోధుమ రంగు మార్కర్. 236 మంది.
2. నాలుగు వారాల తర్వాత: సంతృప్తి, పోలిక కోసం సొంత సాయం ప్రశ్నలు. 191 మంది.
3. అదే వారంలో తోటి ఉద్యోగి మదింపు. పై 191 మందిలో 168 మందికి అందింది.
4. అన్ని ప్రశ్నలకూ ఒకే గడిలో టిక్కు పెట్టిన 9 కాగితాలు తీసేశాక మిగిలింది 159.

రెండోసారి రాని 45 మంది సంగతి వదిలేయకూడదు. మొదటి కాగితంలో వారి సహకారం సగటు 3.21, వచ్చినవారిది 3.62. అంటే సహకారం తక్కువ అందినవారే ఎక్కువగా జారిపోయారు. తక్కువ వైపు మనుషులు తగ్గితే సహసంబంధం కొంత కుదించుకుపోతుంది. విరామం పెట్టినందుకు చెల్లించిన మూల్యం ఇది.

దశ 6: అంకెలు

సహకారానికీ తోటి ఉద్యోగి చెప్పిన సాయానికీ మధ్య సహసంబంధం 0.23. అదే సహకారానికీ ఉద్యోగి తన గురించి తాను నాలుగు వారాల తర్వాత చెప్పుకున్న సాయానికీ మధ్య 0.41. మొదటి విడతలో ఒకే కాగితం మీద అది 0.54. సహకారానికీ సంతృప్తికీ మధ్య 0.61 ఉన్నది 0.47 అయింది. కొత్త మార్కర్‌కు సహకారంతో 0.06 మాత్రమే.

0.54కూ 0.23కూ మధ్య తేడా అంతా ఉమ్మడి పద్ధతి దోషమేనని రాయాలని చేయి లాగింది. అది తప్పు. తోటి ఉద్యోగి చూసేది కొంతే. అతని మదింపు నిలకడ తక్కువైతే ఆ ఒక్క కారణంతోనే సహసంబంధం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో తెలుసుకోవడానికి 40 మందిని ఇద్దరేసి తోటివారు విడివిడిగా మదింపు చేసేలా ముందే ఏర్పాటు చేశాను. ఆ ఇద్దరి మధ్య సహసంబంధం 0.48, ఒక్క మదింపు విశ్వసనీయతగా దాన్నే తీసుకున్నాను. సహకారం కొలత విశ్వసనీయత 0.86. మొదటి విడతలోని సొంత సాయం కొలతది 0.81.

```
0.23 / sqrt(0.86 * 0.48) = 0.36
0.54 / sqrt(0.86 * 0.81) = 0.65
```

కొలతల నిలకడ లోపాన్ని సరిచేశాక పోల్చవలసినవి 0.36, 0.65. తేడా ఇంకా పెద్దదే. కానీ రెండు విడతల్లో ప్రశ్నల మాటలూ గడులూ కూర్చోబెట్టిన గదీ మారాయి, జారిపోయినవారూ ఉన్నారు. కాబట్టి ఇందులో ఏ మార్పు వాటా ఎంతో ఈ సమాచారం చెప్పదు. ఈ మార్పులన్నీ ఒకేసారి చేయకుండా, శాఖలను రెండు భాగాలు చేసి ఒకదానిలో పాత మాటలు, మరొకదానిలో కొత్త మాటలు వాడి ఉంటే కనీసం ప్రశ్నల మాటల వాటా తెలిసేది. దీన్ని ఎవరైనా మళ్లీ చేస్తే ఆ విభజనను మొదటే పెట్టుకోమని నా మనవి.

ఇంకొకటి. సహకారానికీ సంతృప్తికీ మధ్య 0.47 ఇంకా ఒకే మనిషి మాటే. నాలుగు వారాల విరామం ఆ రోజు మనఃస్థితిని విడదీస్తుంది, కానీ ఎప్పుడూ అన్నిటినీ మంచిగా చూసే స్వభావాన్ని విడదీయదు. అందుకే థీసిస్‌లో సాయం ఫలితాన్ని ముందు పెట్టి, సంతృప్తి ద్వారా జరిగే ప్రభావాన్ని ఈ పరిమితితో సహా రాస్తున్నాను.

ఇప్పటికి: విశ్లేషణకు మిగిలినవారు 159, మొత్తం రోజులు 35, మొత్తం ఖర్చు ₹12,650.

దశ 7: మిగిలిన పని

కాగితాలు కలపడం పూర్తయిన రోజు సాయంత్రం నా సహాధ్యాయిని జాబితాను నా ముందే ముక్కలు చేసింది, కంప్యూటర్‌లోని ప్రతిని కూడా తొలగించింది. అంగీకార పత్రంలో రాసిన తేదీకి రెండు రోజుల ముందే అది జరిగింది. తర్వాతి విడతలో రెండు శాఖలు మాత్రమే తీసుకుని, ప్రతి ఒక్కరికీ ఇద్దరు తోటి ఉద్యోగుల మదింపు సేకరించబోతున్నాను. ఇద్దరి సగటు తీసుకుంటే 0.48 విశ్వసనీయత లెక్కప్రకారం 0.65 అవుతుంది. పట్టీలున్న కాగితాలు ముద్రణకు ఇచ్చాను. ఈసారి పట్టీ సులువుగా చిరగడానికి చుక్కల గీత వెంబడి రంధ్రాలు కొట్టమని ముద్రాపకుడికి చెప్పాను, ఎందుకంటే కిందటిసారి 23 కాగితాల్లో పట్టీతో పాటు మొదటి ప్రశ్న కూడా సగం చిరిగి వచ్చింది.